మెసేజీకి అభ్యంతరాలు

లెక్కల నుంచి రాజ్యాంగం దాకా పరీక్షలు అమ్ముకునే మా ఆఫీసుకు వచ్చి, "రెండు వేల మూడు వందలు పెద్దదా, రెండు వేలు పెద్దదా?" అని అడిగిన మనిషి మహేశ్వరక్క ఒక్కతే. అడిగి ఊరుకోలేదు. జవాబు వచ్చేదాకా కదలనని కుర్చీ లాక్కుని కూర్చుంది.

మా ఆఫీసు అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైన ఉంది. పేరు 'మెట్టు'. గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలకు ఫోన్లో మాదిరి పరీక్షలు పెడతాం. యజమాని సుధీంద్ర గారు. ప్రశ్నలు రాసేవాళ్లు వేరే ఉన్నారు, జనానికి పోయే తెలుగు మాత్రం నేను చూస్తాను. నా పేరు నాగశ్రీ. మా తాతగారు గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి నారాయణగూడలో స్థిరపడ్డారు. తప్పు తెలుగు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ ఉద్యోగంలో రోజుకు నాలుగైదుసార్లు మండుతుంది.

ఆ రోజు మండాల్సింది అక్కకు. ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"చదువు చెల్లె. జర నాకు సమజయ్యేటట్టు చదువు."

చదివాను. "ప్రియ భాగస్వామీ, కనీస చెల్లింపు పరిమితి నెరవేరనందున మీ ఆర్జన ప్రస్తుత చక్రంలో విడుదల చేయబడలేదు. త్వరలో పరిష్కరించబడుతుంది."

ఇది నేను రాసింది కాదు. సుధీంద్ర గారు ఎక్కడో ఇంగ్లీషులో చూసి, ఒక ఆదివారం సొంతంగా తెలుగు చేసి పెట్టుకున్నారు. "ఈ చక్రమేందో, ఎవరి చక్రమో" అని అక్క అంటుంటే ఆయన కంప్యూటరు వెనక్కి జరిగారు.

అక్కది చిక్కడపల్లి వైపు సందులో ఆడపిల్లల మెస్సు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, పది మందికి వండటంతో మొదలుపెట్టి ఇప్పుడు యాభై మందికి వండుతోంది. మధ్యాహ్నం నేనూ అక్కడే తింటాను. మేం కొందరికి ఒక కోడ్ ఇస్తాం. ఆ కోడ్ కొట్టి ఎవరైనా మా పరీక్షల్లో చేరితే, చేర్పించినవాళ్లకు మనిషికి వంద రూపాయల కమీషన్. మెస్సులు, జిరాక్స్ షాపులు, చాయ్ బండ్లు ఇలా చాలామంది దగ్గర మా కోడ్‌లున్నాయి. అక్క కూడా తీసుకుని భోజనాల గదిలో గోడకు అంటించింది. అంటించి, నేను వింటుండగానే పిల్లలకు మాటిచ్చింది.

"నా కోడ్ మీద చేరుండ్రి. వచ్చే పైసల్ల ఒక్క రూపాయి నా ఇంట్లకు పోదు. ఎండాకాలం వచ్చేవరకు మీ నెత్తి మీదికి కొత్త ఫ్యాన్ తెస్త."

అక్కడితో ఆగితే బాగుండేది. ఫిబ్రవరి చలిలోనే, మూలుగుతున్న పాత ఫ్యాన్ పీకించి పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఇప్పుడు ఏప్రిల్. గది మధ్యలో కొక్కెం ఒక్కటే వేలాడుతోంది. యాభై మంది పిల్లలు చెమటలు కక్కుతూ, ముద్ద ముద్దకూ దానికేసి చూస్తూ తింటున్నారు.

"మీ పేజీల నా కమీషన్ రెండు వేల మూడు వందలు అని ఇంత పెద్ద అక్షరాలల్ల ఉన్నది. నేను పిల్లలకు చూపెట్టిన, వచ్చినయని. ఐదో తారీఖు పాయె. పైసలు రాలే. ఈ మెసేజ్ వచ్చింది. రెండు వేలు దాటితే ఇస్తమన్నరు కదా, దాటలేదా? మా మెస్సుల స్వర్ణ ఏమంటున్నదో ఎరుకేనా? 'అక్కా, ఆ పేజీ నిజమైతే ఈ మెసేజ్ అబద్ధం, మెసేజ్ నిజమైతే పేజీ అబద్ధం' అంటున్నది. అంటే ఏందన్నట్టు? పైసలు నేను తిన్ననన్నట్టు! యాభై మందికి అన్నం పెట్టేదాన్ని, ఫ్యాన్ పైసలు తింటనా?"

నాకు చాలా సిగ్గనిపించింది.

సుధీంద్ర గారు అప్పుడు తల పైకెత్తి అసలు సంగతి చెప్పారు. చేరినవాళ్లకు నచ్చకపోతే పదిహేను రోజుల్లోపు డబ్బు వాపసు తీసుకోవచ్చు. ఆ గడువు దాటేవరకు వాళ్ల మీద వచ్చే కమీషన్ పేజీలో కనిపిస్తుంది గాని ఖాయం కాదు. అక్క పేరు మీదున్న దాంట్లో ఖాయమైంది పదిహేడు వందలు. మిగతా ఆరు వందలు మార్చి నెలాఖరులో చేరిన ఆరుగురివి. రెండు వేలు దాటాల్సింది ఖాయమైన సొమ్ము.

"మరి గా ముక్క మెసేజ్‌ల ఎందుకు రాయలే?"

ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

అక్క వెళ్లిపోయాక నేనూ అదే అడిగాను. "వాపసు అన్న మాట రాస్తే అందరూ వాపసు అడుగుతారు నాగశ్రీ. నిద్రపోయేవాళ్లను లేపడమెందుకు? వేరేలా రాయి. కాస్త సంతోషంగా" అన్నారు.

ఇలా చెప్పినప్పుడు ఎదురు తిరగాల్సింది. బదులుగా నేను సంతోషంగా రాశాను. "అభినందనలు మహేశ్వరి గారూ! మీ చెల్లింపుకు ఇంకా మూడు వందలే దూరం! ఈరోజే అందుకోండి!" పక్కన బెలూన్ బొమ్మ కూడా పెట్టాను. సుధీంద్ర గారు మురిసిపోయి, పేరూ అంకె మార్చి, బాకీ ఉన్న కోడ్‌లవాళ్లందరికీ పంపించారు.

మర్నాడు మెస్సులో నా కంచంలోకి గోంగూర పచ్చడి రాలేదు. పక్కవాళ్లకు వేసి, నన్ను దాటి, అవతలివాళ్లకు వేసింది అక్క. కోపం చెప్పకుండా చెప్పడమంటే అదే. పెరుగు మాత్రం పోసింది. పూర్తిగా వెలివేయలేదన్నమాట.

ఆ మర్నాడు వంటమనిషి బుగ్గయ్య నన్ను వంటింటి గుమ్మం దగ్గర ఆపాడు. యాభై దాటిన మనిషి. సాంబారు గరిటె చేతిలోనే ఉంది.

"అమ్మా, నన్నెందుకు పరేషాన్ జేస్తున్నరు? పొద్దుగాల లేస్తే ఫోన్ల మోగుతుంది. 'బుగ్గయ్య గారూ, ఈరోజు భారత రాజ్యాంగం పరీక్ష రాశారా?' అని. నేను పప్పేసుకోవాల్నా, పరీక్ష రాయాల్నా?"

"నువ్వు చేరావా బుగ్గయ్యా?"

"నేనెక్కడ చేరిన? నా పేరు, నా నంబరు రాసి అక్కనే చేర్పించింది."

అక్కను అడిగితే దాచలేదు. మూడు వందలే దూరం అని చెప్పింది మేమే కదా. అందుకని తన కోడ్ కొట్టి, తన ఫోన్ నుంచే, తన డబ్బులతోనే ముగ్గురిని చేర్చింది. ఒకరు బుగ్గయ్య. ఒకరు బియ్యం బస్తాలు తెచ్చే అంజి. మూడో మనిషి తనే.

"ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు కట్టావా అక్కా? మూడు వందల కోసమా?"

"నన్ను అంత పిచ్చిదాన్ననుకున్నవా? పదిహేను రోజులల్ల వాపస్ ఇస్తరని మీ సారే చెప్పిండు కదా. మూడు వందలొచ్చినంక, కట్టింది వాపస్ అడుగుత."

ఆ తెలివికి నేను నోరు తెరిచాను. సరిగ్గా ఇలాంటి తెలివి కోసమే కమీషన్‌ను పదిహేను రోజులు ఆపేది. పైగా సొంత కోడ్ మీద సొంతంగా కొంటే లెక్కలోకి రాదు. ఒకే ఫోను, ఒకే బ్యాంకు ఖాతా, మూడు పేర్లు. మా సిస్టం పట్టేసింది. ఆ సాయంత్రానికి అక్క కోడ్ ఆగిపోయింది. నియమాల ప్రకారం మోసం అని తేలితే కోడ్ మూసేసి, ఉన్న సొమ్మంతా రద్దు చేయొచ్చు. పదిహేడు వందలూ గోవిందా, ఫ్యాన్ గోవిందా, అక్క మాట గోవిందా.

సుధీంద్ర గారి బల్ల ముందు నిలబడ్డాను.

"ఆవిడ మోసం చేసింది కదా" అన్నారాయన.

"ఇంకా మూడు వందలే దూరం, ఈరోజే అందుకోండి అని మనం చెప్పాం. ఆవిడ ఆ రోజే అందుకోబోయింది. ఎందుకు ఆగిందో చెప్పలేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేదు, ఏం చేయకూడదో చెప్పలేదు. ఆవిడ కోడ్ మూస్తే బెలూన్ పెట్టిన నన్ను కూడా తీసేయండి."

నన్ను తీసేస్తే ఆ తెలుగు మళ్లీ తనే రాసుకోవాలని గుర్తొచ్చినట్టుంది, మెత్తబడ్డారు. ఆ మూడూ రద్దు చేసి, కట్టిన డబ్బు తిరిగి పంపించి, కోడ్ తెరిచారు. కానీ అప్పటికి మెస్సులో ఇంకో మంట అంటుకుంది. కొత్తగా చేరిన ఆరుగురూ, అక్క ఫ్యాన్ డబ్బులు మింగిందన్న కోపంతో, గడువులోగా వాపసు తీసుకుంటామని కూర్చున్నారు. గడువు ఏప్రిల్ పన్నెండు. ఇంకా రెండు రోజులుంది. వాళ్లు అన్నంత పనీ చేస్తే అక్క కమీషన్ పదిహేడు వందల దగ్గరే ఆగిపోతుంది. ఆమె తినలేదని రుజువు చేసే ఫ్యాన్ ఎప్పటికీ రాదు.

"ఈసారి నిజం రాస్తాను" అన్నాను సుధీంద్ర గారితో. "వాపసు సంగతి కూడా."

"అందరికీ పంపే ముందు చూపించు."

"మీకు కాదు. ఆ పిల్లలకు చూపిస్తాను. మీరూ రండి, భోజనం అక్కడే."

అశోక్‌నగర్ పిల్లలకు ఒక అలవాటుంది. ఏ పరీక్ష అయినా ముందు జవాబులతో ప్రాథమిక కీ వస్తుంది, దాని మీద అభ్యంతరాలు పెడతారు, ఆ తర్వాత తుది కీ వస్తుంది. ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉండి, ఏ కాగితం చూసినా వాళ్ల కళ్లు తప్పు కోసమే వెతుకుతాయి. పెళ్లి శుభలేఖలో కూడా వెతుకుతారు. అందుకే ఆ మధ్యాహ్నం నేను రాసిన కొత్త మెసేజీని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, మెస్సు గోడకు అంటించాను. పైన 'ప్రాథమిక కీ' అని రాశాను. కింద 'అభ్యంతరాలు ఇప్పుడే చెప్పగలరు' అని రాశాను.

గదిలో నవ్వులు వినిపించాయి. అన్నం కంచాలతోనే గోడ చుట్టూ మూగారు. సుధీంద్ర గారికి ఖాళీగా దొరికింది కొక్కెం కింది కుర్చీ. చొక్కా అప్పుడే వీపుకు అంటుకుపోయింది.

మొదటి అభ్యంతరం స్వర్ణది. గ్రూప్-టూకి మూడోసారి చదువుతున్న పిల్ల, మెస్సుకు నాయకురాలు.

"మేడమ్, నాలుగో లైన్ల 'త్వరలో' అని ఉన్నది. త్వరలో అంటే ఎప్పుడు? త్వరలో నోటిఫికేషన్ అన్నరు, రెండేండ్లాయె. త్వరలో ఫలితాలన్నరు, మా చెల్లె పెండ్లయి బిడ్డ పుట్టింది. ఆ మాట మీద మాకు నమ్మకం లేదు. తారీఖు రాయుండ్రి."

కలం తీసి 'త్వరలో' కొట్టేశాను. రాసిన తెలుగును నలుగురి ముందు కొట్టేయడం కష్టంగానే ఉంది. పైన తారీఖు రాశాను.

"రెండు వేలు దాటాలె అన్నరు. ఎందుకు రెండు వేలు?" అని సింధూర అడిగింది. ఆమె కొత్తగా చేరిన ఆరుగురిలో ఒకతె.

సుధీంద్ర గారు చెమట తుడుచుకున్నారు. "వందా రెండు వందలు విడివిడిగా పంపితే ప్రతిసారీ బ్యాంకు ఖర్చులు, అకౌంటెంట్ పని. మొత్తం చేరాక ఒకేసారి పంపితే తేలిక."

"అది రాయుండ్రి మరి. దాచేదేమున్నది?"

రాశాను.

"రెండు వేలు గాకపోతే ఉన్న పైసలు పోతయా, ఉంటయా?" స్వర్ణ మళ్లీ అందుకుంది. "ఇక్కడ మెస్సుల మూడు రోజులకన్న తక్కువ ఊరికి పోతే ఆ పైసలు పోయినట్టే. అక్క బిల్లుల కట్ చేయదు. మీది కూడా గట్లనేనా?"

"మధ్యల నా మెస్సెందుకే?" అని వంటింట్లోంచి అరిచింది అక్క.

"మాది పోదు. వచ్చే నెలకు కలుస్తుంది" అన్నాను. అందరి చూపూ వంటింటి వైపు తిరిగింది. లోపల గిన్నెల చప్పుడు కొంచెం పెరిగింది.

చివరికి చంద్రిక అనే పిల్ల మెల్లగా చెయ్యెత్తింది. ఆరుగురిలో ఆమే చిన్నది.

"మేం వాపస్ తీసుకుంటే అక్కకు తగ్గుతదా?"

సుధీంద్ర గారు నా మోచేతిని పట్టుకున్నారు. వద్దు అన్నట్టు. నేను ఆయన చేతిని తీసేశాను.

"తగ్గుతుంది. ఒక్కొక్కరికి వంద. కాగితంలో రాశాను చూడు. కానీ వాపసు మీ హక్కు. అక్క కోసమో, మా కోసమో మానొద్దు. నచ్చకపోతే తీసుకోండి."

"నేను బ్యాంకు పరీక్షలకు మారుతున్న మేడమ్. నాకు ఇవి పనికిరావు. అందుకే అడిగిన, ఫ్యాన్ మీద కోపంతోని కాదు" అంది చంద్రిక.

"తీస్కో బిడ్డా" అంది అక్క. గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతికి పిండి ఉంది. "నీ పైసలు నీవి. కానీ నేను తినలేదని మాత్రం చెప్పు."

స్వర్ణ గోడ మీది కాగితాన్ని మొదటి నుంచీ మళ్లీ చదివింది. పెదవులు కదుపుతూ, ప్రశ్నపత్రం చదివినట్టే చదివింది.

"పేజీ నిజమే. మెసేజ్ కూడా నిజమే. పేజీల మొత్తం చూపెట్టిన్రు, మెసేజ్‌ల ఖాయమైంది చూసిన్రు. రెండింటి మధ్యన ఉన్న ఆరు వందలు మేమే" అని సింధూర వైపు తిరిగింది. "అక్క తినలే. పైసలు ఇంకా రానే రాలే." తర్వాత అక్క దగ్గరికి వెళ్లింది. "తప్పాయె అక్కా."

"తప్పయితే కంచం కడిగి పో" అంది అక్క. ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. చెమటేమో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం తుది కీ అందరికీ వెళ్లింది. అంకెలూ తారీఖులూ ఎవరివి వాళ్లకు. అక్కకు వెళ్లింది ఇది:

"మహేశ్వరి గారూ, మీ కోడ్ మీద ఇప్పటివరకు కనిపిస్తున్నది 2,300 రూపాయలు. అందులో ఖాయమైంది 1,700. మిగతా 600 ఈమధ్య చేరిన ఆరుగురివి. చేరినవాళ్లు పదిహేను రోజుల్లోపు డబ్బు వాపసు తీసుకోవచ్చు. ఆ గడువు ఏప్రిల్ 12న ముగుస్తుంది. ఎవరైనా తీసుకుంటే మీకు మనిషికి 100 తగ్గుతుంది. చిన్న మొత్తాలకు బ్యాంకు ఖర్చులు ఎక్కువ, అందుకని ఖాయమైంది 2,000 చేరాకే పంపుతాం. ఈ నెల పంపకపోవడానికి కారణం ఇదే. మీ డబ్బు ఎక్కడికీ పోదు, వచ్చే నెలకు కలుస్తుంది. ఏప్రిల్ 30 నాటికి ఖాయమైంది 2,000 ఉంటే మే 5న మీ ఖాతాలో పడుతుంది. మీ బ్యాంకు వివరాలు సరిగ్గానే ఉన్నాయి. మీరు చేయాల్సిందేమీ లేదు. మీ కోడ్ మీద మీరే కొంటే అది లెక్కలోకి రాదు."

'త్వరలో' లేదు. బెలూన్ లేదు. ఆఖరి వాక్యం బుగ్గయ్య పేరు మీద రాసినట్టే. అందరూ వాపసు అడుగుతారని సుధీంద్ర గారు వారం రోజులు భయపడ్డారు. అలా ఏమీ జరగలేదు. ఆఫీసుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లు మాత్రం తగ్గారు. ఆయన ఆ సంగతి ఎవరికి చెప్పినా "మనం మెసేజీ మార్చాం" అనే చెబుతారు.

చంద్రిక వాపసు తీసుకుంది. మిగతా ఐదుగురూ ఉండిపోయారు. ఖాయమైంది రెండు వేల రెండు వందలు.

మే ఐదున మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కొక్కెం మాయమైంది. దాని స్థానంలో కొత్త ఫ్యాన్, రెక్కలకు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. డబ్బు పొద్దున్నే పడిందట. అక్క పదకొండు గంటలకల్లా హిమాయత్‌నగర్ పోయి తెచ్చేసింది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన దిగుతున్నాడు. బుగ్గయ్య కవర్లు లాగి పారేశాడు. పిల్లలంతా కంచాలు పట్టుకుని కింద నిలబడ్డారు. సుధీంద్ర గారు కూడా వచ్చారు, ఎవరూ పిలవకపోయినా.

"ఎయ్యి బుగ్గయ్యా" అంది అక్క. ముఖం వెలిగిపోతోంది.

బుగ్గయ్య స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరగలేదు. మళ్లీ వేశాడు. వంటింట్లో లైటు కూడా ఆరిపోయి ఉంది. వీధిలో ఎవరో "కరెంట్ పాయె" అని అరిచారు.

యాభై మందీ ఒకసారి పైకి చూశారు. తర్వాత అక్క వైపు చూశారు.

స్వర్ణ గొంతు సవరించుకుంది. "అభ్యంతరం అక్కా. ఫ్యాన్ ఎందుకు తిరుగుతలేదో కారణం చెప్పలే."

అక్క నడుం మీద చేయి పెట్టుకుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కరెంట్ లేదు, అందుకే తిరుగుతలేదు. మీ ఫ్యాన్ యాడికీ పోదు. కరెంటొచ్చినంక తిరుగుతది. మీరు చేయాల్సింది ఏమీ లేదు. కూసొని తినుండ్రి."

తుది కీ అని అందరూ ఒప్పుకున్నారు. అందరూ కూర్చున్నారు. అక్క వడ్డిస్తూ వచ్చి, నా దగ్గర ఆగి, అడగకుండానే గోంగూర పచ్చడి రెండు గరిటెలు వేసింది.